ఎక్కారా?

ఆ ఉదయం క్రేన్ ఆపరేటర్ క్యాబిన్ తలుపు బిగించి, సీటు ముందుకు లాక్కుని, రెండు లివర్లనూ అటూ ఇటూ కదిపి చూసుకున్నాక గానీ అతనికి ఏదో తక్కువైందని తోచలేదు. కళ్లజోడు పెట్టె జేబులోనే ఉంది. క్యారేజీ కొక్కేనికి వేలాడుతోంది. నీళ్ల సీసా, చేతి తొడుగులు, మెడకు చుట్టుకునే తువ్వాలు అన్నీ ఉన్నాయి. పాదాల కింది అద్దంలోంచి చూస్తే సైటులో మనుషులు హెల్మెట్లుగా తప్ప కనబడరు. పచ్చ హెల్మెట్ వాళ్లు ఇనుప చువ్వల కట్ట చుట్టూ చేరారు. ఇంకా పని మొదలవలేదు. చివరికి ఫోన్ తీసి చూశాడు. భార్య దగ్గర్నుంచి మెసేజ్ లేదు.

"ఎక్కారా?" అని ఒక్క మాట, అంతే ఆ మెసేజ్. సైటులో మిగతావాళ్ల పెళ్లాలు పొద్దున్నే పువ్వుల బొమ్మలూ, పొగలు కక్కే కప్పులూ, మంచి మాటలూ పంపుతారు. ఈవిడకి అలాంటి సరదాలు లేవు. అతను మొట్టమొదటిసారి ఈ నిచ్చెన ఎక్కిన రోజు అడిగింది, అప్పట్నుంచీ రోజూ అడుగుతూనే ఉంది. పైకి చేరి, ఊపిరి కూడదీసుకుని, "ఎక్కాను" అని అతను జవాబిచ్చేవాడు. కొత్తలో ఆ మాట వెనకాల ఇంకేవో ఉండేవి. గాలి జోరుగా ఉందనో, మబ్బు క్యాబిన్ కంటే కిందకు దిగిందనో, పక్క మేడ మీద ఎవరో ముసలాయన కసరత్తు చేస్తున్నాడనో రాసేవాడు. పోను పోను ఒక్క మాటే మిగిలింది. ఆ ఒక్కటీ టైపు చెయ్యక్కర్లేకుండా ఫోనే ముందు అందించేది, వేలితో తాకితే చాలు. ఈమధ్య కింద బల్ల మీద టీ తాగుతుండగా మెసేజ్ వస్తే అక్కడి నుంచే కొట్టేసేవాడు. ఎలాగూ ఎక్కేదేగా.

నిన్న వచ్చిందా అని ఆలోచించాడు. గుర్తు లేదు. మొన్న? మెసేజ్‌లు వెనక్కి జరిపి చూసుకోవచ్చు, కానీ ఎందుకో చూడబుద్ధి కాలేదు. ఎప్పుడు ఆగిందో కూడా తెలీనంతగా ఆగిపోయిందన్న సంగతి అతన్ని చిన్నబుచ్చింది.

"పైవాడా, ఉన్నావా?" అని రేడియోలో గొంతు పలికింది.

కింద నిలబడి క్రేనుకి సైగలిచ్చే మనిషిది ఆ గొంతు. రోజంతా వాగుతూనే ఉంటాడు గనక అతని పేరే రేడియో అయిపోయింది. అందరి నెత్తి మీదా కూర్చుని ఉంటాడు కాబట్టి ఆపరేటర్‌కి 'పైవాడు' అని పేరు పెట్టిందీ అతనే. కష్టం వస్తే అందరూ తలెత్తి చూసేది అటేనంటాడు.

"ఉన్నాను, చెప్పు" అన్నాడు ఆపరేటర్. ఫోన్ సంచిలో పడేశాడు. క్రేను కొక్కెం పైకి లేస్తుండగా ఫోన్ చేతిలో ఉండకూడదు, అది అక్కడి కట్టుబాటు.

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లేసరికి భార్య ముందు గదిలో కుట్టుమిషను ముందు కూర్చుని ఉంది. పగలంతా యూనిఫారాలు కుట్టే షెడ్డులో కాలర్లు వేసి వస్తుంది. అది చాలదన్నట్టు బొత్తాం కాజాలు ఇంటికి తెచ్చుకుంటుంది. అతన్ని చూసి మిషను ఆపింది. నీళ్లిచ్చింది. అన్నం వేడిగా ఉందని చెప్పింది. ముఖం ముడుచుకోలేదు, గిన్నెలు విసరలేదు, అడిగినదానికి జవాబు చెప్పకుండా ఉండలేదు. నిలదీయడానికి ఏ ఒక్క పొరపాటూ దొరకని మర్యాద అది.

భోజనం చేస్తూ ఒక్కొక్కటే పరికించాడు. ఒకటి దొరికేసరికి మిగతావి వాటంతట అవే బయటపడ్డాయి. అతను పొద్దున్నే వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ వసారాలో నిలబడి ఉండేది. ఈమధ్య వెనక్కి తిరిగి చూస్తే అక్కడ తువ్వాళ్లు మాత్రమే ఆరుతూ ఉంటున్నాయి. క్యారేజీ పై గిన్నెలో, మూత కింద, రెండు లవంగాలు చిన్న కాగితంలో చుట్టి పెట్టేది. మధ్యాహ్నం ఆ పైన నడుం వాల్చడానికి ఉండదు, తిన్నాక నోట్లో వేసుకుంటే కునుకు రాదని. అవీ లేవు. కూర మాత్రం ఎప్పటిలాగే కుదిరింది. అన్నం ఎప్పటిలాగే మెత్తగా ఉంది. చెయ్యాల్సినవన్నీ చేస్తోంది, చెయ్యక్కర్లేనివి మాత్రం మానేసింది. ఇన్నాళ్ల కాపురం ఆ చెయ్యక్కర్లేనివాటి మీదే నడిచిందేమో అని అతనికి మొదటిసారి అనుమానం వచ్చింది.

"ఒంట్లో బాగానే ఉందా?" అన్నాడు.

బాగానే ఉందంది. షెడ్డులో పని ఎక్కువగా ఉందా అంటే మామూలేనంది. ఇంకేం అడగాలో తెలీక, గ్యాస్ సిలిండర్ చెప్పావా అని అడిగాడు. ఆవిడ అతని వైపు ఒక్క క్షణం చూసింది. చెప్పానంది, లేచి మళ్లీ మిషను దగ్గరకు వెళ్లింది. ఆ చూపులో ఏముందో అతనికి అంతు చిక్కలేదు.

మర్నాడు టీ బల్ల దగ్గర మాటవరసకన్నట్టు రేడియో చెవిన వేశాడు. వేసిన మరుక్షణం తప్పు చేశాననుకున్నాడు. ఎందుకంటే రేడియో గ్లాసు కింద పెట్టి, పెద్ద డాక్టరు లాగా కళ్లు చిట్లించి, జబ్బులన్నీ వల్లించడం మొదలుపెట్టాడు.

మొదటిది కోపం. ఏదో అని ఉంటావు, గుర్తుండదు నీకు, వాళ్లకి గుర్తుంటుంది. రెండోది అలసట. మా ఆవిడ కూడా మెసేజ్‌లు మానేసింది, చూస్తే పాపం వేళ్ల నొప్పులు. మూడోది అలవాటు పాతబడడం, అది జబ్బే కాదు, అందరికీ వచ్చేదే. నాలుగోది, అని గొంతు తగ్గించి అటూ ఇటూ చూసి, మనుషులన్నాక ఏమైనా జరగొచ్చు, పొద్దున్నే ఆ మెసేజ్ వేరే ఎవరికైనా వెళుతోందేమో అన్నాడు.

ఆపరేటర్ గ్లాసులో మిగిలిన టీ పారబోసి లేచాడు.

"అన్నా, నేను మాట వరసకన్నాను" అన్నాడు రేడియో.

"వరస తప్పింది" అని ఆపరేటర్ నిచ్చెన వైపు నడిచాడు.

కానీ విషం చెవిలో పడనే పడింది. మెట్టు మెట్టుకీ అదే మాట వినబడింది. ఆ నిచ్చెన ఇనుప స్తంభం లోపలే ఉంటుంది. కొంత ఎక్కాక నిలబడడానికి ఓ పలక, మళ్లీ నిచ్చెన, మళ్లీ పలక. మంచు పడిన ఉదయాల్లో మెట్లు జారుతాయి. తొడుగులున్నా చల్లదనం ఎముకల్లోకి దిగుతుంది. ఎన్నేళ్ల అలవాటైనా చేతులు రెండూ ఒకేసారి వదలకూడదు. పైకి చేరి ఫోన్ తీశాడు. ఏమీ లేదు. తనే ఓ మెసేజ్ పెడదామనుకున్నాడు. ఏం రాయాలో తోచక, ఎవరో పంపిన పువ్వుల బొమ్మ ఒకటి వెతికి, దాన్నే ఆవిడకి తోశాడు. మధ్యాహ్నం క్యారేజీ విప్పుతూ చూస్తే జవాబు వచ్చింది. బొటనవేలు పైకెత్తిన బొమ్మ. దాన్ని చూస్తూ సగం అన్నం మిగిల్చాడు.

ఆ సాయంత్రం ఆవిడ స్నానానికి వెళ్లినప్పుడు ఫోన్ మిషను మీద ఉంది. వెలుగుతూ ఆరుతూ ఎవరివో మెసేజ్‌లు వస్తున్నాయి. తాళం ఏమిటో అతనికి తెలుసు. చెయ్యి చాచాడు కూడా. ఫోను కింద ఆవిడ కాజాలు వేసి పెట్టిన చొక్కాల దొంతర ఉంది, ఒక్కదాని అంచు పక్కదాన్ని దాటకుండా. ఆ దొంతర మీద చెయ్యి పెట్టి నలిపేయడం లాంటిదే ఆ పని అనిపించి వెనక్కి తీసుకున్నాడు. తాళం తీస్తే ఏమీ కనబడకపోతే తనే దొంగవుతాడు, ఏమైనా కనబడితే దాన్ని మోసే శక్తి తనకు లేదు. రెంటికీ మనసు ఒప్పక మెట్లు దిగి, కింది వాటాలో ఉండే వదిన దగ్గరకు వెళ్లాడు.

వదిన, అంటే భార్య అక్క, కూరగాయల బుట్ట ముందేసుకుని కూర్చుంది. మరిదిని చూడగానే, దేవుడే దిగివచ్చాడే, ఏం కావాలి నాయనా అంది. అతను నసిగి నసిగి చెప్పాడు. ఆవిడ విన్నంతసేపూ బీన్స్ ఈనెలు తీస్తూనే ఉంది.

"మా చెల్లి నాతో ఏమీ చెప్పలేదు" అంది చివరికి. "చెప్పలేదంటే చిన్న విషయం కాదనే లెక్క. దానికి కోపం వస్తే ముందు నాకే తెలుస్తుంది, ఈ గోడలకి కూడా తెలుస్తుంది. కానీ నువ్వు నన్నడుగుతున్నావేం మరిదీ? అది పైనే ఉందిగా."

అడిగితే ఏం చెబుతుందోనని భయమన్నాడు. వదిన నవ్వలేదు. అంత ఎత్తున కూర్చునేవాడికి భయమేమిటి అని వెక్కిరించనూ లేదు. ఒక చేటలో బీన్స్ అతని ముందుకు తోసి, ఊరికే కూర్చోకుండా ఇవి వొలువు అంది. అతను కాసేపు వొలిచి, ఏమీ తేలక పైకి వచ్చాడు.

ఆ మర్నాడు సైటులో వెనకవైపు పని పడింది. కొత్తగా లేచిన గోడ వెనకాల నేలమాళిగ గొయ్యి ఉంది. అందులోకి ఇనుప చువ్వల కట్ట దించాలి. గోడ అడ్డం కాబట్టి క్యాబిన్లోంచి గొయ్యి కనబడదు. కొక్కెం గోడ దాటిందంటే ఆపరేటర్‌కి అక్కడ్నుంచి కళ్లు లేవు, రేడియో గొంతే కళ్లు. ఇలాంటప్పుడు గొంతు ఆగకుండా పలుకుతూనే ఉండాలి. దించు, దించు, దించు అని, ప్రతి మాటకీ లివరు కొంచెం కొంచెంగా. గొంతు ఆగితే చెయ్యి ఆగాలి. ఎందుకాగిందో ఊహించకూడదు, ఇంకో జానెడే కదా అని లెక్క కట్టకూడదు. పని నేర్చుకునే మొదటి రోజునే చెప్పే సంగతి ఇది.

కట్ట మెల్లగా తిరుగుతూ గోడ దాటింది. తాడు మాత్రమే కనబడుతోంది.

"దించు. దించు. దించు. మెల్లగా. దించు. దిం..."

గొంతు ఆగింది.

అతను లివరు వదిలాడు. వదిలేస్తే అది దానంతట అదే మధ్యకు వచ్చి నిలబడుతుంది. తాడు బిగుసుకుని, కొద్దిగా ఊగి, ఆగింది. గాలి క్యాబిన్ అద్దాన్ని రాసుకుంటూ పోతోంది. పిలిచాడు, జవాబు లేదు. మళ్లీ పిలవాలనిపించింది గానీ ఊరుకున్నాడు. మరో మూర దించితే కట్ట నేలకు ఆనుతుందని అనుభవం చెబుతోంది. అయినా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు.

కాసేపటికి గోడ మలుపులోంచి రేడియో పరిగెత్తుకుంటూ బయటకొచ్చి, రెండు చేతులూ బార్లా చాచి ఆపమని సైగ చేశాడు. చేతిలో వాకీటాకీ చచ్చి ఉంది. తర్వాత కొత్త బ్యాటరీ వేసుకుని చెప్పాడు. కట్ట ఓ పక్కకి ఒరిగిందట, సరిచేద్దామని ఇద్దరు దాని కిందకు చేతులు పెట్టారట. ఆపు అందామని నోరు తెరిచేసరికి బ్యాటరీ పోయిందట.

"అన్నా, నువ్వు ఇంకొంచెం దించి ఉంటే..." అని రేడియో ఆ వాక్యం పూర్తి చెయ్యలేదు. రోజంతా వాగే మనిషి ఆ పూట అవసరమైన మాట తప్ప మాట్లాడలేదు.

మధ్యాహ్నం క్యారేజీ తెరిచి కూడా ఆపరేటర్ తినలేకపోయాడు. ఆ ఇద్దరి చేతులే కళ్ల ముందు ఆడాయి. కానీ అంతకంటే గట్టిగా ఇంకోటి పట్టుకుంది. అక్కడ గొంతు ఆగిన మరుక్షణం తన చెయ్యి ఆగింది. ఇంట్లో గొంతు ఆగి ఎన్నాళ్లయిందో ఏమో, తన చెయ్యి మాత్రం దించుతూనే ఉంది. మామూలేలే అనుకుని, పువ్వుల బొమ్మ పంపి, వదిననడిగి, రేడియో ఊహలు నెత్తినేసుకుని. ఒక్కరోజు కూడా ఆగి, నువ్వెందుకు ఆపావని ఆవిణ్ణి అడగలేదు. తనమీద తనకే రోత పుట్టింది. ఏం వినాల్సి వచ్చినా సరే ఇవాళ అడిగి తీరాలని అక్కడే, ఆ సీటులోనే, ఖాయం చేసుకున్నాడు.

పని అయ్యాక క్రేను చెయ్యి తిరగకుండా పట్టే బ్రేకు వదిలేశాడు. సాయంత్రాలు అలా వదిలెయ్యాలి, గాలి ఎటు వీస్తే అటు తిరుగుతుంది. బిగించి పెడితే ఏదో ఒక రాత్రి కూలుతుంది. నిచ్చెన దిగి, టీ బల్ల వైపు చూడకుండా నేరుగా ఇంటికి వెళ్లాడు.

ఆవిడ ఇంకా వీధి చెప్పులు విప్పుతోంది. అతను బూట్లతోనే గుమ్మంలో నిలబడ్డాడు.

"పొద్దున్నే మెసేజ్ పెట్టడం ఎందుకు మానేశావు?" అన్నాడు.

ఆవిడ చెప్పులు గోడవారన జరిపి, కొంగుతో ముఖం తుడుచుకుంది. ఈ ప్రశ్న కోసం తయారుగా ఉన్నట్టు లేదు, ఆశ వదిలేసుకున్న బస్సు వచ్చినట్టు చూసింది. కూర్చోమంది. తనూ మిషను ముందు కుర్చీలో కూర్చుంది.

"కళ్లజోడు మర్చిపోయి వెళ్లారు ఓ రోజు. సైటుకి ఎవరు తెచ్చిచ్చారనుకున్నారు?"

వాచ్‌మన్ పెట్టె చేతిలో పెట్టి, మీ ఇంటి నుంచి ఇచ్చి వెళ్లారు అనడం గుర్తొచ్చింది. బావమరిది అటువైపే పనికి వెళతాడు, వాడే అయ్యుంటాడనుకున్నాడు. ఆ మాటే చెప్పాడు.

"నేనే. షెడ్డులో అడిగి, ఓ బస్సు వదిలేసుకుని వచ్చాను. కళ్లజోడు లేకుండా ఎక్కేశారేమో, పైన ఎలా అని. గేటు దగ్గర నిలబడి 'ఎక్కారా' అని పెట్టాను. ఎక్కేసి ఉంటే కిందకి రప్పించక్కర్లేదు, తాడుతో పైకి పంపిస్తారుగా అని." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "మీరు అక్కడే ఉన్నారు. ఆ బల్ల మీద, టీ తాగుతూ. ఫోన్ తీశారు, వేలు ఒక్కసారి ఆన్చారు, మళ్లీ లోపల పెట్టేశారు. చెబుతున్న మాట కూడా ఆపలేదు. నా చేతిలో ఫోన్ మోగింది. చూస్తే 'ఎక్కాను'."

ఆవిడ మీద అనుమానం పెంచుకున్న రెండు రోజులూ కళ్ల ముందు తిరిగి తల వంచుకున్నాడు.

"ఎలాగూ ఎక్కేదే కదా అని..."

"మీకు ఎలాగూ ఎక్కేదే. నాకు కాదు." ఆవిడ మిషను చక్రం మీద చెయ్యి వేసి, తిప్పకుండా అలాగే ఉంచింది. "మీరు నిచ్చెన మీద ఉన్నంతసేపూ నేను బస్సులో కిటికీ ఊచ పట్టుకుని ఉంటాను. సీటు దొరికినా సరే. మీ జవాబు వచ్చాకే వదులుతాను. రోజూ నా పక్కన కూర్చునే ఆవిడకి కూడా తెలుసిది. మీకే తెలీదు. ఎన్నాళ్లనుంచి అలా కింద నుంచి కొడుతున్నారు?"

అతను ఆలోచించాడు. అబద్ధం చెప్పే ఓపిక లేదు. "లెక్క తెలీదు" అన్నాడు.

"అన్నాళ్లూ నేను చెయ్యి వదిలేశాకే మీరు ఎక్కారు." మిషను చక్రం మీంచి చెయ్యి తీసేసింది. "అదే మింగుడు పడలేదు నాకు. ఏ రోజైనా జరగరానిది జరిగి, ఎవరో వచ్చి చెబితే, నేను నమ్మను కూడా. ఆయన ఎక్కేశారండీ, నా ఫోన్లో ఉంది చూడండి అంటాను."

వీధిలో ఎవరిదో స్కూటర్ స్టార్ట్ కాక మొరాయిస్తోంది. కోపంగా ఉందా అని అడిగాడు అతను. కోపమైతే ఆ సాయంత్రమే దులిపేసేదాన్నిగా అంది. ఆ మర్నాడు అడక్కుండా ఉండి చూశానంది. ఇవాళ మెసేజ్ రాలేదేమిటని మీరు అడుగుతారనుకున్నానంది. ఆ సాయంత్రం అడగలేదు. ఆ మర్నాడూ లేదు. వసారాలో నిలబడడం మానేసి చూసింది. లవంగాలు మానేసింది.

"మొన్న, ఏమైనా అడుగుతారేమోనని చూస్తుంటే, గ్యాస్ సంగతి అడిగారు" అంది. "మొదట్లో పంతానికే ఆపాను. తర్వాత తర్వాత, ఆ వేళకి ఫోన్ తియ్యాలనే అనిపించలేదు. బస్సులో ఊచ కూడా పట్టుకోవడం లేదు నేను. దానికే భయమేసింది నాకు. మీ మీద పంతం పోయినా, ఆ ఆరాటం మళ్లీ వస్తుందో రాదో."

ఇక మీదట పైకి చేరాకే జవాబిస్తానని అతను మొదలుపెట్టాడు. ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. ఒట్లేమీ వద్దంది. మళ్లీ పంపమని కూడా అడగొద్దంది. అడిగించుకుని అడిగేది అడగడం కాదంది. లేచి స్టౌ వెలిగించడానికి వెళ్లింది. అతను బూట్లు విప్పి, తువ్వాలు తీసుకుని, ఆవిడ కడిగి పెడుతున్న గ్లాసులు ఒక్కొక్కటే తుడిచాడు. ఆవిడ వద్దనలేదు.

మర్నాడు అతను టీ బల్ల దగ్గర ఆగలేదు. రేడియో గ్లాసు పైకెత్తి పిలిచాడు, దిగాక తాగుతానన్నాడు. ప్రతి పలక దగ్గరా నిలబడి ఊపిరి పీల్చుకుంటూ ఎక్కాడు. తలుపు బిగించి, సీటులో కూర్చుని, చేతులు కుదురుకున్నాక ఫోన్ తీశాడు. ఎవరూ అడగలేదు. అయినా ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాశాడు. "ఎక్కాను. ఇప్పుడే తలుపేశాను. మెట్లు తడిగా ఉన్నాయి, మెల్లగా వచ్చాను." ఫోన్ ముందు అందించిన మాటలు వేటినీ తాకలేదు. ఆవిడ చూసినట్టు గుర్తు పడింది. జవాబు రాలేదు.

ఆ తర్వాతి రోజూ రాశాడు. గాలి పడమర నుంచి ఉంది, ఊపు తక్కువే అని. చూసినట్టు పడింది, జవాబు లేదు. ఇంట్లో ఆవిడ ఎప్పటిలాగే నీళ్లిచ్చింది, అన్నం పెట్టింది. అతను ఆ మెసేజ్‌ల ఊసెత్తలేదు. ఇచ్చిన దానికి అప్పుడే ప్రతిఫలం లెక్కేసుకునే గుణం తనలో తల ఎత్తితే దాని నెత్తిన ఒకటి మొట్టాడు. జవాబు వచ్చినా రాకపోయినా, ఈ నిచ్చెన ఎక్కినన్నాళ్లూ రాస్తాను, అంతే. ఈ పట్టుదల తనకు ఇన్నాళ్లూ ఎక్కడ దాగిందా అని అతనికే వింతగా ఉంది.

ఆ మరుసటి ఉదయం సన్నగా వాన పడుతోంది. క్యాబిన్లో కూర్చుని, తడి అద్దం తుడిచి, రోజూలా రాయబోతూ ఆగాడు. దూరంగా వంతెన మీద వాహనాలు ఒకదాని వెనకొకటి నిలిచిపోయి ఉన్నాయి. వాటిలో బస్సులూ ఉన్నాయి. అందులో ఆవిడ బస్సు ఏది? షెడ్డుకి రెండు బస్సులు మారాలని తెలుసు. ఎక్కడ మారుతుందో తెలీదు. ఆవిడ రోజూ ఏ వేళకి చేరుతుందో, వాన రోజున ఆ షెడ్డు గుమ్మంలో నీళ్లు నిలుస్తాయో లేదో తెలీదు. ఇన్నేళ్లలో ఆవిడ తనని ఎన్నిసార్లు అడిగి ఉంటుంది. తను ఒక్కసారైనా అడిగాడా?

"ఎక్కాను" అని రాసి, దాని కిందే రాశాడు. "నువ్వు చేరావా?"

చూసినట్టు పడింది. అతను ఫోన్ వంకే చూస్తూ కూర్చున్నాడు. కింద పచ్చ హెల్మెట్లు కట్ట చుట్టూ చేరుతున్నాయి. ఇవాళా అంతేనేమో అనుకుంటుండగా ఫోన్ కదిలింది.

"ఇంకా లేదు. వంతెన మీద ఆగిపోయాం. పక్కన లారీ ఏదో జారిందట. చేరాక చెప్తాను."

అతను ఆ మాటలు రెండుసార్లు చదివాడు. చేరానని ఆవిడ చాలా తేలిగ్గా రాసెయ్యొచ్చు. ఎలాగూ చేరేదే కదా. రాయలేదు. వంతెన వైపు చూశాడు. వానలో ఏదీ తేటగా లేదు, లారీ ఎక్కడుందో, అది జారితే పక్కన ఏ బస్సు ఉందో. ఇంత చిన్న సంగతికి ఇదేమిటి అనుకున్నాడు గానీ చూపు మరల్చలేకపోయాడు.

"పైవాడా, మొదలెడదామా?" అన్నాడు రేడియో.

"కొంచెం ఆగు" అన్నాడు. "మా ఆవిడ ఇంకా చేరలేదు."

అవతల రేడియో కట్ట దగ్గర మనుషుల్ని పక్కకు జరగమని చెప్పడం వినిపించింది. వాన క్యాబిన్ పైకప్పు మీద టపటపలాడుతోంది. వంతెన మీద బస్సులు ఒక్కొక్కటీ కదిలాయి, మళ్లీ ఆగాయి, మళ్లీ కదిలాయి. అతను ముందుకు వంగి చూస్తున్నాడు. ఎప్పుడు పట్టుకున్నాడో ఏమో, చూసుకునేసరికి ఎడమ చెయ్యి క్యాబిన్ కిటికీ ఊచని పట్టుకుని ఉంది. ఫోన్ మోగేదాకా అతను ఆ ఊచ వదల్లేదు.